రూటర్‌ రీసెట్ చేస్తే ఏం పోతుంది, ఏం మిగులుతుంది

"రూటర్ పాస్‌వర్డ్ మర్చిపోయాం" అని ఎవరైనా అంటే, ముందు అడగాల్సింది ఏ పాస్‌వర్డ్ అని. మామూలు ఇంటర్నెట్ కనెక్షన్‌లో మూడు వేరు వేరు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఫోన్‌లో వైఫై కలపడానికి కొట్టేది ఒకటి. రూటర్ సెట్టింగ్స్ పేజీ తెరవడానికి కొట్టేది రెండోది, దీన్నే అడ్మిన్ పాస్‌వర్డ్ అంటాం. మూడోదాన్ని మనం ఎప్పుడూ కొట్టం. అది రూటర్ లోపలే దాగి ఉండి, ఇంటర్నెట్ ఆపరేటర్ సర్వర్‌కి మనం ఫలానా కస్టమర్ అని ప్రతిసారీ చెబుతుంటుంది. తెర మీద `PPPoE` అని కనబడే సెట్టింగ్‌లో ఉండే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అవే.

జనం మర్చిపోయేది దాదాపు ఎప్పుడూ రెండోదే. దాని అవసరం ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వస్తుంది మరి. అయితే దాన్ని వదిలించుకోవడానికి రీసెట్ నొక్కితే మిగతా రెండూ కూడా దానితోనే పోతాయి. వైఫై పాస్‌వర్డ్ పోతే పెద్ద నష్టం లేదు, ఇంట్లో నలుగురికీ తెలిసే ఉంటుంది. మూడోది పోతేనే చిక్కు. ఎందుకంటే అది చాలామందికి అసలు తెలియదు. కనెక్షన్ ఇచ్చిన రోజు ఆపరేటర్ తరఫున వచ్చిన కుర్రాడు ఎక్కించి వెళ్లిపోయి ఉంటాడు. శనివారం రాత్రి రీసెట్ కొట్టి, సోమవారం దాకా నెట్ లేకుండా కూర్చునేది ఈ మూడోదాని వల్లే.

రీసెట్ నిజంగా ఏం చేస్తుందో చూద్దాం. రూటర్‌లో ఒక చిన్న ఫ్లాష్ చిప్ ఉంటుంది. దాన్ని భాగాలుగా విడగొట్టి వాడతారు. ఒక భాగంలో రూటర్‌ని నడిపే ఫర్మ్‌వేర్ ఉంటుంది. ఇంకో చిన్న భాగంలో ఫ్యాక్టరీలో రాసిన వివరాలుంటాయి: ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య అయిన మాక్ అడ్రస్, సీరియల్ నంబర్, రేడియోకి సంబంధించిన సర్దుబాట్లు, స్టిక్కర్ మీద అచ్చేసిన వైఫై పేరు, పాస్‌వర్డ్. వేరే భాగంలో మనం మార్చిన సెట్టింగ్‌లన్నీ ఉంటాయి. రీసెట్ బటన్ తుడిచేది ఈ చివరి భాగాన్ని మాత్రమే. అందుకే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి ఉంటే, రీసెట్ తర్వాత కూడా ఆ కొత్త వెర్షనే ఉంటుంది, కొన్ననాటిది తిరిగి రాదు. మాక్ అడ్రస్ మారదు. ఫర్మ్‌వేరే చెడిపోయిన రూటర్‌ని రీసెట్ బాగుచేయలేకపోవడానికీ కారణం ఇదే.

అంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కదాన్నే తుడిచే బటన్ మామూలు ఇంటి రూటర్లలో లేదు. పాస్‌వర్డ్ కూడా మిగతా సెట్టింగ్‌లతో కలిసి ఒకే చోట ఉంటుంది. పోతే అన్నీ పోతాయి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. రీసెట్ రూటర్‌లో ఉన్నది తుడుస్తుంది గానీ, రూటర్ చుట్టూ ఉన్న ప్రింటర్లో, సీసీ కెమెరాల డీవీఆర్‌లో, కంప్యూటర్లలో ఉన్న సెట్టింగ్‌లను ముట్టుకోదు. అవన్నీ పాత రూటర్ ఇంకా అలాగే ఉందనుకుని పనిచేస్తుంటాయి. రీసెట్ తర్వాత వచ్చే తలనొప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. నెట్ వచ్చేస్తుంది, ఫోన్లు పనిచేస్తాయి, కానీ ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది, కెమెరాలు కనబడవు. దీనికి విరుగుడు ఆ పరికరాలన్నిటినీ తిరిగి సెట్ చేయడం కాదు. రూటర్‌ని అవి అనుకుంటున్నట్టుగా మళ్లీ తయారుచేయడం.

ముందు ఏ పెట్టె అన్నది తేల్చుకోవాలి

మన ఇళ్లలో రెండు రకాల ఏర్పాట్లు కనబడతాయి. మొదటి దానిలో, గోడ నుంచి వచ్చే సన్నటి ఫైబర్ వైరు నేరుగా వైఫై ఇచ్చే పెట్టెలోకే వెళ్తుంది. దీన్ని ఓఎన్‌టీ అంటారు, లైన్‌మన్ భాషలో ఓఎన్‌యూ. రెండో దానిలో, ఫైబర్ ఒక చిన్న పెట్టెలోకి వస్తుంది, అక్కడి నుంచి మామూలు ల్యాన్ కేబుల్ మనం కొనుక్కున్న రూటర్‌కి వెళ్తుంది.

రెండో రకంలో రూటర్ మనది, రీసెట్ చేసినా తిరిగి కట్టుకోవచ్చు. మొదటి రకంలో మాత్రం తొందరపడకూడదు. ఆ పెట్టెలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పాటు, ఒకే వైరు మీద వచ్చే సేవల్ని వేరుచేసే వీల్యాన్ నంబర్ ఉంటుంది. నెట్‌కి ఒకటి, ఫోన్‌కి ఒకటి, టీవీకి ఒకటి ఉండొచ్చు. ల్యాండ్‌లైన్ అదే పెట్టెలోంచి నడుస్తుంటే దానికి వేరే లాగిన్ ఉంటుంది. ఏపీ ఫైబర్‌నెట్ లాగా నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే కనెక్షన్ మీద వచ్చే చోట రీసెట్ అంటే మూడిటితోనూ చెలగాటమే. కొన్ని ఆపరేటర్ల నెట్‌వర్క్‌లలో పెట్టెని సీరియల్ నంబర్‌తో గుర్తుపడతారు. అది ఫ్యాక్టరీ వివరాల్లో ఉంటుంది కాబట్టి రీసెట్‌కి పోదు. కొన్నిచోట్ల మాత్రం పెట్టెలో చేత్తో ఎక్కించిన ఒక ఐడీతో గుర్తుపడతారు. అది పోయే అవకాశం ఉంది, అప్పుడు పెట్టె ఆపరేటర్ నెట్‌వర్క్‌లో నమోదే కాదు.

పెద్ద కంపెనీలు తమ పెట్టెలను దూరం నుంచే సెట్ చేసే పద్ధతి ఒకటి వాడతాయి. దాని పేరు టీఆర్-069, మొదట 2004లో ప్రచురించారు. పెట్టె ఆన్ కాగానే కంపెనీ సర్వర్‌ని పలకరించి తన సెట్టింగ్‌లు తనే దింపుకుంటుంది. అలాంటి పెట్టె రీసెట్ చేసినా కొద్దిసేపటికి నెట్ దానంతటదే వచ్చేస్తుంది, మన వైఫై పేరు మాత్రం స్టిక్కర్ మీదున్న దానికి మారిపోతుంది. కానీ బజార్లో కొన్న ఓఎన్‌టీని స్థానిక ఆపరేటర్ చేత్తో సెట్ చేసి ఉంటే ఈ సౌకర్యం ఉండదు. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ కనెక్షన్లు చాలావరకు స్థానిక భాగస్వాముల చేతుల మీదుగా నడుస్తాయి, సెట్ చేసినదీ వాళ్లే. కనుక పెట్టె మీది ఏ రకమో తెలియకపోతే బటన్ ముట్టుకోకుండా ముందు ఆపరేటర్‌కి ఫోన్ చేయడం నయం. అడ్మిన్ పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉండి, రీసెట్ అవసరమే లేకుండా పోవడం తరచూ జరిగేదే.

ఇంకో చిన్న మాట. రీసెట్ రంధ్రం ఎక్కడుందా అని ఓఎన్‌టీని తలకిందులు చేసినప్పుడు ఫైబర్ వైరు మడతపడుతుంది. తర్వాత `LOS` అనే లైటు ఎర్రగా వెలిగితే అది రీసెట్ చేసిన పాపం కాదు, ఫైబర్‌లోంచి కాంతి అందడం లేదని అర్థం. వైరుని వదులుగా, పెద్ద చుట్టుగా సర్ది చూడండి. `PON` లైటు మిణుకుమంటూనే ఉండిపోతే పెట్టె నమోదు కావడం లేదు. అది నిలకడగా ఆకుపచ్చగా ఉండి నెట్ మాత్రం రాకపోతే, ఫైబర్ బాగానే ఉంది, లోపలి సెట్టింగ్‌లు పోయాయి. ఆపరేటర్‌కి ఫోన్‌లో ఈ మూడింట్లో ఏది కనబడుతోందో చెబితే మనిషిని పంపాలా, అక్కడి నుంచే చూడాలా అన్నది వాళ్లకి వెంటనే తెలుస్తుంది.

ఒక జిరాక్స్ షాపు కథ

రెండో రకం ఏర్పాటుని ఒక ఉదాహరణతో పూర్తిగా చూద్దాం. గుంటూరులో ఒక జిరాక్స్ షాపు అనుకోండి. ఆపరేటర్ పెట్టె నుంచి కేబుల్ టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రూటర్‌కి వస్తుంది. షాపులో రెండు కంప్యూటర్లు, ఒక నెట్‌వర్క్ ప్రింటర్, నాలుగు కెమెరాల డీవీఆర్. వచ్చే కస్టమర్లు వాట్సాప్‌లో ఫైల్ పంపడానికి ఒక గెస్ట్ వైఫై. ఇదంతా సెట్ చేసిన అబ్బాయి ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇప్పుడు గెస్ట్ వైఫై పాస్‌వర్డ్ మార్చాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. నెట్ మాత్రం చక్కగా నడుస్తోంది.

ఈ చివరి వాక్యమే ముఖ్యం. నెట్ నడుస్తున్నప్పుడే కావాల్సిన వివరాలన్నీ బయటి నుంచి సేకరించుకోవచ్చు. బటన్ నొక్కాక ఆ అవకాశం ఉండదు.

రీసెట్ లేకుండా పని జరుగుతుందేమో ముందు చూడాలి. ఆ రూటర్‌ని మొదట సెట్ చేసిన కంప్యూటర్ షాపులోనే ఉంటే, దాని బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ అయి ఉండొచ్చు. క్రోమ్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి `192.168` అని వెతికితే దొరుకుతుంది. యజమాని ఫోన్‌లో టీపీ-లింక్ వాళ్ల టెథర్ యాప్ లాగిన్ అయి ఉంటే అందులోంచే వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చేయొచ్చు. సెట్ చేసినవాళ్లు చాలాసార్లు వైఫై పాస్‌వర్డ్‌నే అడ్మిన్ పాస్‌వర్డ్‌గా కూడా పెట్టేస్తారు, అదీ ఒకసారి కొట్టి చూడాలి. హైదరాబాద్ వెళ్లిన అబ్బాయికి ఒక ఫోన్ కొట్టడం అన్నిటికంటే తేలిక. మొహమాటం వల్లో ఏమో, ఆ పని ఎవరూ ముందు చేయరు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: తోచినవన్నీ వరసగా కొట్టుకుంటూ పోతే చాలా రూటర్లు కొన్ని తప్పుల తర్వాత లాగిన్‌ని కాసేపు ఆపేస్తాయి.

ఏదీ కుదరలేదనుకుందాం. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. ఇది విండోస్ అడ్మినిస్ట్రేటర్, రూటర్ అడ్మిన్‌తో దీనికి సంబంధం లేదు.

```
ipconfig /all
arp -a
netsh wlan show profile name="SHOP-WIFI" key=clear
```

మొదటి కమాండ్‌లో `Default Gateway` ఎదురుగా ఉన్నది రూటర్ సొంత అడ్రస్. మన షాపులో అది `192.168.10.1` అని వచ్చిందనుకోండి. ఈ ఒక్క ముక్క చాలా చెబుతుంది. ఆర్చర్ సీ6 ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దాని అడ్రస్ `192.168.0.1`. అంటే ఆ అబ్బాయి దీన్ని కావాలనే మార్చాడు, రీసెట్ తర్వాత అది మళ్లీ `192.168.0.1` అయిపోతుంది. దీన్ని కాగితం మీద రాసుకోవాలి. అదే చోట `DNS Servers` ఎదురుగా రూటర్ అడ్రస్ కాకుండా వేరే అంకెలుంటే అవీ రాసుకోవాలి.

రెండో కమాండ్ ఈ కంప్యూటర్ ఈమధ్య మాట్లాడిన పరికరాల అడ్రస్‌లు చూపిస్తుంది. మూడోది, ఆ కంప్యూటర్ వైఫై మీద ఉన్నట్టయితే, `Key Content` ఎదురుగా వైఫై పాస్‌వర్డ్‌ని ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. కొటేషన్ల మధ్య మీ వైఫై పేరు పెట్టాలి. ఫోన్‌లో అయితే కనెక్ట్ అయిన వైఫై దగ్గర షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరాల్లో ఉంటుంది. పెద్దక్షరం, చిన్నక్షరం, మధ్యలో ఖాళీ ఏదీ తేడా రాకుండా రాసుకోవాలి.

తర్వాత ప్రింటర్. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ అన్న చోట చూస్తే దాని అడ్రస్ ఉంటుంది, `192.168.10.50` అనుకుందాం. ప్రింటర్‌కి ఆ అడ్రస్ రెండు రకాలుగా వచ్చి ఉండొచ్చు. ప్రింటర్‌లోనే చేత్తో రాసి ఉండొచ్చు, లేదా రూటర్ దాన్ని గుర్తుపట్టి ప్రతిసారీ అదే అడ్రస్ ఇచ్చేలా రిజర్వ్ చేసి ఉండొచ్చు. మొదటిది రీసెట్‌కి పోదు, రెండోది పోతుంది. ప్రింటర్ మెనూలో నెట్‌వర్క్ దగ్గర మాన్యువల్ అని ఉందా, ఆటో లేదా డీహెచ్‌సీపీ అని ఉందా చూస్తే ఏదో తెలిసిపోతుంది. మన షాపులో ఆటో అని ఉంది. అంటే రిజర్వేషన్ రూటర్‌లో ఉంది. ప్రింటర్ మాక్ అడ్రస్ కూడా రాసుకోవాలి, తిరిగి రిజర్వ్ చేయడానికి అది కావాలి.

డీవీఆర్ మెనూలో నెట్‌వర్క్ పేజీ ఫొటో తీసుకుంటే చాలు. అందులో అడ్రస్ `192.168.10.60`, గేట్‌వే `192.168.10.1` అని చేత్తో రాసి ఉంది. ఇది పోదు. పోకపోవడమే ఇక్కడ సమస్య. రీసెట్ తర్వాత రూటర్ `192.168.0.1` దగ్గర కూర్చుంటే, డీవీఆర్ ఇంకా `192.168.10.1` కోసం వెతుకుతూ ఉంటుంది. రెండూ ఒకే కేబుల్ మీద ఉన్నా ఒకదానికొకటి కనబడవు.

చివరగా, అన్నిటికంటే ముఖ్యమైనది, ఆపరేటర్‌కి ఫోన్. అడగాల్సినవి ఇవి: మా కనెక్షన్ పీపీపీఓఈనా, ఆటోమేటిక్‌గా ఐపీ వచ్చేదా? పీపీపీఓఈ అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఏమిటి? రూటర్‌లో వీల్యాన్ ఏమైనా పెట్టాలా? మా రూటర్ మాక్ అడ్రస్ ఉంటేనే కనెక్షన్ ఇచ్చేలా దాన్ని మీ దగ్గర బిగించారా? యూజర్‌నేమ్ బిల్లు మీదో మెసేజ్‌లోనో ఉండొచ్చు. పాస్‌వర్డ్ గుర్తులేదంటే వాళ్లు కొత్తది పెట్టి ఇవ్వగలరు. అయితే ఇందులోనూ వరస ఉంది. వాళ్లు పాస్‌వర్డ్ మార్చిన తర్వాత కనెక్షన్ ఒకసారి తెగితే పాతదానితో మళ్లీ కలవదు. అందుకే షాపు వేళల్లో కాకుండా, రీసెట్ చేయబోయే ముందు మార్పించుకోవాలి.

బటన్ నొక్కడం

ఇది అన్నిటికంటే చిన్న పని. రూటర్ ఆన్‌లో ఉండాలి. పూర్తిగా లేచి నిలకడగా నడుస్తుండగా వెనకున్న రీసెట్ బటన్‌ని పిన్నుతో పది సెకన్ల పాటు, పవర్ లైటు మిణుకుమనే దాకా నొక్కి వదలాలి. రూటర్ తనంతట తను ఆగి మళ్లీ లేస్తుంది. రెండు మూడు నిమిషాలు కరెంటు తీయకుండా వదిలేయాలి.

కొన్ని పాత మోడళ్లలో రీసెట్‌కీ, పాస్‌వర్డ్ కొట్టకుండా పరికరాన్ని వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్‌కీ ఒకటే బటన్. కాసేపు నొక్కితే డబ్ల్యూపీఎస్, ఎక్కువసేపు నొక్కితే రీసెట్. రీసెట్ చేశామనుకుని పాత పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయేవాళ్లు తరచూ ఇక్కడే పొరబడతారు. రీసెట్ నిజంగా జరిగిందో లేదో తెలుసుకోవడం సులువు: ఫోన్‌లో వైఫై లిస్టు చూడండి. పాత పేరు పోయి, స్టిక్కర్ మీదున్న `TP-Link_` తో మొదలయ్యే పేరు వస్తే జరిగింది. పాత పేరే ఉంటే జరగలేదు.

బటన్ ముప్పై సెకన్లు నొక్కి, వదలకుండానే కరెంటు తీసి ముప్పై సెకన్లు, మళ్లీ కరెంటు ఇచ్చి ఇంకో ముప్పై సెకన్లు పట్టుకోమని ఒక సలహా ఇప్పటికీ తిరుగుతుంటుంది. అది డీడీ-డబ్ల్యూఆర్‌టీ అనే ప్రత్యామ్నాయ ఫర్మ్‌వేర్ వాడేవాళ్ల దగ్గర పాత రూటర్ల కోసం పుట్టింది. ఇప్పటి రూటర్లకి అక్కర్లేదు. పైగా కొన్నిటిలో బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే రీసెట్ కాకుండా ఫర్మ్‌వేర్ రికవరీ మోడ్‌లోకి వెళ్తాయి. అప్పుడు వైఫై రాదు, పేజీ తెరుచుకోదు, రూటర్ పోయిందేమో అని గాభరా. అలా జరిగితే స్విచ్ ఆపి, ఏ బటనూ నొక్కకుండా మళ్లీ వేస్తే సాధారణంగా మామూలుగా లేస్తుంది.

తిరిగి కట్టే వరస

ఒక కంప్యూటర్‌ని ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కి కలపాలి. వైఫై మీద చేస్తే పేరు మార్చిన ప్రతిసారీ తెగుతుంది. బ్రౌజర్‌లో `tplinkwifi.net` లేదా `192.168.0.1` కొడితే, ఈ మోడల్ ఏ పాస్‌వర్డూ అడగకుండా కొత్తది పెట్టుకోమంటుంది. పాత రూటర్లలో `admin`, `admin` ఉండేది. కొన్ని కంపెనీలు స్టిక్కర్ మీద వేరే పాస్‌వర్డ్ ఇస్తాయి. కొత్త పాస్‌వర్డ్ పెట్టగానే అది రాసిన కాగితాన్ని టేపుతో రూటర్ అడుగున అతికించేయొచ్చు. ఇంట్లో అయితే అది భద్రతకి పెద్ద ముప్పేం కాదు. రూటర్‌ని చేత్తో పట్టుకోగలిగినవాడు ఎలాగూ రీసెట్ నొక్కగలడు. షాపులో అయితే, కస్టమర్ చేయి అందేచోట రూటర్ ఉంటే, కాగితం గల్లాపెట్టెలో ఉండాలి.

తర్వాత పని చాలామంది చేసే వరసకి భిన్నంగా ఉంటుంది. నెట్ కంటే ముందు ల్యాన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రూటర్ అడ్రస్‌ని `192.168.10.1` గా మార్చాలి. రూటర్ మళ్లీ లేస్తుంది, ఇకపై పేజీని కొత్త అడ్రస్‌లో తెరవాలి. ఈ ఒక్క మార్పుతో డీవీఆర్ ముట్టుకోకుండానే దారిలో పడుతుంది. దీన్ని చివరికి వదిలేస్తే, మధ్యలో పెట్టిన రిజర్వేషన్లు, బయటి ఇంటర్నెట్ నుంచి లోపలి పరికరానికి దారి ఇచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్ అన్నీ `192.168.0` వరసలో రాసుకుని మళ్లీ దిద్దుకోవాల్సి వస్తుంది.

ఆ తర్వాత ఇంటర్నెట్. పీపీపీఓఈ ఎంచుకుని ఆపరేటర్ ఇచ్చినవి కొట్టి కనెక్ట్ నొక్కాలి. రాకపోతే రూటర్ చెప్పే కారణం చదవాలి. యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు అంటే అవతలి సర్వర్ దాకా మాట వెళ్లి తిరస్కారం వచ్చిందని, అంటే కేబుల్, వీల్యాన్ బాగానే ఉన్నాయని. సర్వర్ నుంచి జవాబే లేదంటే యూజర్‌నేమ్‌ని అనుమానించి లాభం లేదు. ఆపరేటర్ పెట్టె నుంచి వచ్చే కేబుల్‌ని దానికోసం ఉన్న వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టారేమో, వీల్యాన్ వదిలేశారేమో చూడాలి.

అన్నీ సరిగ్గా కొట్టినా తిరస్కరిస్తుంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, పాత సెషన్. రీసెట్ వల్ల రూటర్ చెప్పాపెట్టకుండా లైన్ వదిలేసింది. ఆపరేటర్ సర్వర్ దృష్టిలో పాత కనెక్షన్ ఇంకా నడుస్తూనే ఉంది. ఒక యూజర్‌కి ఒక్క కనెక్షనే అని నియమం పెట్టినచోట రెండోదాన్ని రానివ్వదు. పదిహేను నిమిషాలు ఆగితే చాలావరకు సర్దుకుంటుంది, లేదా ఆపరేటర్ అక్కడ నుంచి సెషన్ తీసేయగలడు.

రెండోది మాక్ అడ్రస్. మాక్ రీసెట్‌కి మారదని పైన అన్నాను కదా, మరి ఇప్పుడేం వచ్చింది? రూటర్లలో మాక్ క్లోన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. షాపులో ఇంతకుముందు వేరే రూటర్ ఉండి, ఆపరేటర్ దాని మాక్‌ని బిగించి ఉంటే, కొత్త రూటర్ పెట్టినప్పుడు ఆ అబ్బాయి ఆపరేటర్‌తో మాట్లాడే బదులు పాత మాక్‌ని ఇందులోకి క్లోన్ చేసి ఉండొచ్చు. అసలు మాక్ చిప్‌లో భద్రంగా ఉంది, కానీ ఇన్నాళ్లూ బయటికి చూపించింది క్లోన్ చేసినదాన్ని. రీసెట్‌తో క్లోన్ పోయి అసలుది బయటపడుతుంది, ఆపరేటర్ సర్వర్ ఎవరో కొత్తవాళ్లు వచ్చారనుకుంటుంది. "అన్నా, మా మాక్ బైండింగ్ ఒకసారి తీసేసి మళ్లీ పెట్టండి" అంటే వాళ్లకి అర్థమవుతుంది.

నెట్ వచ్చాక వైఫై. ఇక్కడ కొత్త పేరు పెట్టాలన్న ఉబలాటాన్ని ఆపుకోవాలి. పాత పేరు, పాత పాస్‌వర్డ్, పాత సెక్యూరిటీ రకం అక్షరం పొల్లుపోకుండా పెడితే ఫోన్లు, కంప్యూటర్లు ఏమీ జరగనట్టు వాటంతటవే కలుస్తాయి. ప్రింటర్, కెమెరా లాంటివి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఆ బ్యాండ్‌కి పాత పేరు తప్పకుండా ఉండాలి. ఉద్యోగం మానేసినవాళ్లకో, పక్క షాపువాళ్లకో పాస్‌వర్డ్ తెలిసిపోయిందని మార్చదలచుకుంటే అది వేరే సంగతి. అప్పుడు ప్రతి పరికరంలోనూ తిరిగి కొట్టుకోక తప్పదు.

గెస్ట్ వైఫై అసలు ఈ తతంగానికి కారణం, అది కొత్త పాస్‌వర్డ్‌తో ఇప్పుడు పెట్టుకోవచ్చు. ప్రింటర్ మాక్‌కి `192.168.10.50` రిజర్వ్ చేసి, ప్రింటర్ ఒకసారి ఆపి వేస్తే పాత అడ్రస్‌తో లేస్తుంది. కంప్యూటర్లలో ఏమీ మార్చక్కర్లేదు.

మిగిలింది డీవీఆర్ పోర్ట్ ఫార్వర్డింగ్. దీన్ని తిరిగి రాయబోయే ముందు రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అడ్రస్ చూడండి. అది `100.64` నుంచి `100.127` మధ్య అంకెలతో మొదలైతే ఆపరేటర్ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామంది కస్టమర్లకు పంచుతున్నాడని అర్థం. `10.` తో మొదలైనా దాదాపు అంతే. ఆ పరిస్థితిలో పోర్ట్ ఫార్వర్డింగ్ రాసినా బయటి నుంచి ఎవరూ రాలేరు, అంటే పాత రూల్ కూడా ఊరికే పడి ఉండేది. యజమాని ఇంటి నుంచి కెమెరాలు చూస్తున్నది డీవీఆర్ కంపెనీ క్లౌడ్ యాప్ ద్వారా. దానికి డీవీఆర్‌కి నెట్ అందితే చాలు, రూటర్‌లో రూల్ అవసరం లేదు. నిజంగా పబ్లిక్ అడ్రస్ ఉన్నా, పాతికేళ్లనాటి అలవాటుగా డీవీఆర్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టడం నేను సిఫార్సు చేయను.

పని అంతా అయ్యాక సిస్టమ్ టూల్స్‌లో బ్యాకప్ అన్నది ఉంటుంది. ఒక్క ఫైల్‌లో సెట్టింగ్‌లన్నీ దిగుతాయి, ఇంకోసారి రీసెట్ చేయాల్సి వస్తే ఈ మధ్యాహ్నమంతా ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. కానీ ఆ ఫైల్‌ని తిరిగి ఎక్కిస్తే సాధారణంగా బ్యాకప్ తీసిననాటి అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా దానితోపాటు వస్తుంది. ఆ రోజు వాడిన పాస్‌వర్డ్ తెలియకపోతే, రీసెట్ చేసి, ఫైల్ ఎక్కించి, అన్నీ పనిచేస్తున్న రూటర్ ముందు మళ్లీ లాగిన్ కాలేక కూర్చుంటారు. అందుకే ఫైల్ పేరులో తారీఖు పెట్టి, అదే తారీఖు పాస్‌వర్డ్ కాగితం మీద కూడా వేయాలి.